8 మిల్లీసెకన్ల గేరు మార్పు, దాని వెనక దాగిన అర సెకను

డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ గురించి ఎక్కడ మాట మొదలైనా కాసేపటికి ఒక అంకె వచ్చి తీరుతుంది: 8 మిల్లీసెకన్లు. అంత తక్కువ సమయంలో గేరు మారిపోతుందని, మనిషి చేయి ఎంత చురుకైనదైనా దాని దరిదాపులకు రాలేదని. మొన్న ఒక కారు సమీక్షలో మళ్లీ ఇదే చదివాను. రాసినవారికి కారు తెలుసు, నడపడమూ తెలుసు. అయినా ఆ అంకెను మాత్రం ఎవరూ ప్రశ్నించకుండా ఒకరి నుంచి ఒకరు అందుకుంటున్నారు.

నేను చాలాకాలం మాన్యువల్ నడిపాను. ఇప్పుడు ఇంట్లో డ్యూయల్ క్లచ్ ఉంది, అదంటే ఇష్టమే. కానీ దాని వేగాన్ని మనం పొగిడే పద్ధతిలో ఒక తేడా ఉందనిపిస్తుంది. అందులో ఏ భాగమూ మాన్యువల్‌లోని భాగాలకంటే పెద్దగా త్వరగా కదలదు. గేరు పడడానికి పట్టే సమయం రెండింటిలోనూ దాదాపు ఒకటే. డ్యూయల్ క్లచ్ ఆ పనిని మనం అడగకముందే పూర్తి చేసి కూర్చుంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే అది ఎందుకంత వేగమో తెలుస్తుంది, అప్పుడప్పుడు మనల్ని విసిగించేంత నిదానంగా ఎందుకు ఉంటుందో కూడా తెలుస్తుంది.

మాన్యువల్‌లో ఆ అర సెకను

లెక్క కోసం ఒక ఊహా కారు తీసుకుందాం. బరువు 1,400 కిలోలు. రెండో గేరు నిష్పత్తి 2.1, మూడోది 1.45, ఫైనల్ డ్రైవ్ 3.9, చక్రం చుట్టుకొలత 1.95 మీటర్లు. రెండో గేరులో ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగేసరికి ఈ కారు గంటకు సుమారు 86 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. అదే వేగంలో మూడో గేరు పడాలంటే ఇంజన్ 4,140 చుట్లకు దిగాలి. అంటే గేరు మార్పు మొత్తం ఈ 1,860 చుట్ల తేడాను ఎలా పూడ్చాలన్న గొడవే.

మాన్యువల్‌లో ఇది వరసగా సాగుతుంది. యాక్సిలరేటర్ వదలాలి, క్లచ్ తొక్కాలి, రెండో గేరు నుంచి లివర్‌ను న్యూట్రల్‌కు లాగాలి, మూడోదానివైపు నెట్టాలి, క్లచ్ వదలాలి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాలి. ఇందులో ఏ పనీ ముందుదాన్ని దాటి రాలేదు. క్లచ్ తొక్కకుండా లివర్ లాగితే పళ్ల మీద ఇంకా ఇంజన్ బలం ఉంటుంది కాబట్టి అది కదలదు. మూడో గేరు పూర్తిగా పడకముందే క్లచ్ వదిలితే ఆ కర్కశమైన చప్పుడు అందరికీ తెలిసిందే.

వీటన్నిటిలో మన చేతికి ‘గేరు కాస్త ఆగి పడింది’ అని తెలిసే చోటు ఒకటుంది. అది సింక్రోనైజర్ పనిచేసే చోటు. క్లచ్ తొక్కాక ఇంజన్ విడిపోతుంది. కానీ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు, దానికి పట్టుకుని ఉన్న క్లచ్ ప్లేటు ఇంకా 6,000 చుట్ల వేగంతోనే తిరుగుతుంటాయి. మూడో గేరుకు కావలసింది 4,140. మనం లివర్‌ను నెడుతుంటే శంకువు ఆకారంలోని ఒక చిన్న రింగు గేరు పక్కకు ఒరుసుకుని, రాపిడితో ఆ వేగాన్ని దించుతుంది. రెండు వేగాలూ సమానమయ్యేదాకా, గేరును షాఫ్టుకు కలిపే స్లీవ్‌ను అదే రింగు ముందుకు పోనివ్వదు. సమానమైన క్షణంలో దారి వదులుతుంది, పళ్లు ఒకదానిలోకి ఒకటి జారతాయి. దీనికి సెకనులో పదో వంతు నుంచి మూడు పదో వంతుల దాకా పట్టవచ్చు. గట్టిగా నెడితే కొంచెం త్వరగా అవుతుంది, రింగు త్వరగా అరుగుతుంది.

మొత్తం కలిపి ఓ మాదిరి మంచి డ్రైవరుకు అర సెకను అనుకుందాం. ఈ అర సెకనూ చక్రాలకు ఇంజన్ నుంచి ఏమీ అందదు. మన ఊహా కారు రెండో గేరులో సెకనుకు గంటకు 11 కిలోమీటర్ల చొప్పున వేగం పుంజుకుంటోందనుకుంటే, ఈ విరామంలో రావలసిన ఐదు కిలోమీటర్లకు పైగా వేగం రాకుండా పోయింది. గాలి నిరోధం ఉన్నదానిలోంచీ కొంచెం లాగేసుకుంటుంది. వెనక కూర్చున్నవారి తల ముందుకు ఒరిగి మళ్లీ వెనక్కు వెళ్లేది ఇందుకే.

రెండు గేర్లు ఒకేసారి పడి ఉంటే?

మా మేనమామకు డ్యూయల్ క్లచ్ సంగతి చెప్పబోతే మొదట్లోనే ఆపేశాడు. “రెండో గేరు, మూడో గేరు ఒకేసారి పడి ఉంటాయంటున్నావు. పెట్టె బద్దలు కాదా?”

ఆయన మాటలో నిజముంది. మాన్యువల్‌లో అలా జరిగితే గేర్‌బాక్స్ బిగుసుకుపోతుంది. ఒకే షాఫ్టును రెండు వేర్వేరు వేగాలతో తిప్పమని చెప్పినట్టవుతుంది. అందుకే ఒక గేరు స్లీవ్‌ను జరిపే ఫోర్కు కదిలినప్పుడు మిగిలినవి కదలకుండా అడ్డుకునే ఇంటర్‌లాక్ ఏర్పాటు లోపల ఉంటుంది.

“మామయ్యా, దీనిలో ఇన్‌పుట్ షాఫ్టులు రెండు. ఒకటి బోలుగా ఉంటుంది, దాని లోపల నుంచి రెండోది వెళుతుంది. ఒకదాని మీద బేసి గేర్లు, ఇంకోదాని మీద సరి గేర్లు. దేని క్లచ్ దానిదే” అన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, “అంటే రెండు గేర్‌బాక్సులను ఒకే పెట్టెలో పెట్టారన్నమాట” అన్నాడు. ఆ తరవాత నేను చదివిన వివరణల్లో ఇంతకంటే సూటిగా చెప్పింది కనబడలేదు.

ఇప్పుడు మన కారు రెండో గేరులో వేగం పుంజుకుంటోంది. సరి గేర్ల క్లచ్ బిగిసి ఉంది, ఇంజన్ బలమంతా దాని ద్వారానే చక్రాలకు వెళుతోంది. బేసి గేర్ల క్లచ్ తెరిచి ఉంది కాబట్టి దాని షాఫ్టుకు ఇంజన్‌తో సంబంధం లేదు. గేర్‌బాక్స్ కంప్యూటర్ ఈ ఖాళీ షాఫ్టు మీద మూడో గేరును పెట్టిస్తుంది. ఫోర్కు కదులుతుంది, సింక్రోనైజర్ రింగు ఒరుసుకుంటుంది, వేగాలు కలుస్తాయి, పళ్లు పడతాయి. మాన్యువల్‌లో ఉన్న అదే స్లీవ్, అదే రింగు, అదే రాపిడి. పట్టే సమయమూ ఆ సెకనులో పదో వంతో, రెండు పదో వంతులో. కాకపోతే ఆ సమయంలో కారు రెండో గేరులో హాయిగా పరుగెడుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. గడియారం ఇంకా మొదలు కాలేదు.

ఇంజన్ 6,000 చుట్లకు చేరేసరికి మూడో గేరు షాఫ్టు చక్రాల వల్ల అప్పటికే 4,140 చుట్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది. దాని క్లచ్‌లో ఒక ముఖం 6,000తో, ఎదుటి ముఖం 4,140తో తిరుగుతుంటాయి. ఇక చేయవలసింది సరి క్లచ్ వదిలి బేసి క్లచ్ పట్టుకోవడం ఒక్కటే. ప్రకటనల్లోని వేగం పుట్టేది ఇక్కడ.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. సైన్యపు బండ్లకు వెనక చక్రాల బదులు పట్టాలు బిగించిన ఫ్రెంచ్ ఇంజనీరు అడాల్ఫ్ కెగ్రెస్ 1930ల చివరలోనే రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్‌ను ఊహించాడు. 1980లలో పోర్షె తన రేసు కార్లలో దాన్ని పరీక్షించింది. పెద్ద ఎత్తున తయారయ్యే కారులోకి వచ్చింది మాత్రం 2003లో, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32తో. షాఫ్టులు, క్లచ్‌లు చేయడం ఎప్పటినుంచో తెలుసు. ఒక క్లచ్ వదులుతుండగా ఇంకొకటి ఎంత పట్టుకోవాలో క్షణక్షణం లెక్కగట్టే చవకైన కంప్యూటర్, దాని మాట వినే కవాటాలు అందేదాకా ఆగవలసి వచ్చింది.

లెక్కకు నిలవని అంకె

సరే, క్లచ్‌లు మార్చుకోవడమే మిగిలినప్పుడు అది 8 మిల్లీసెకన్లలో కాకూడదా? ఇక్కడే నాకు ఆ అంకె మీద అనుమానం.

మూడో గేరు సిద్ధంగా ఉన్నా ఇంజన్ ఇంకా 6,000 దగ్గరే ఉంది. అది 4,140కి దిగితే తప్ప మార్పు పూర్తి కాదు. ఇంజన్ క్రాంక్ షాఫ్టు, ఫ్లైవీల్, క్లచ్ పెట్టె అన్నీ కలిపి తిరిగే జడత్వం 0.15 కిలోగ్రామ్ చదరపు మీటర్లు అనుకుందాం, ఇలాంటి కారుకు అది విడ్డూరమైన అంకె కాదు. 1,860 చుట్ల తేడా అంటే సెకనుకు 195 రేడియన్లు. ఆ తేడాను 8 మిల్లీసెకన్లలో పూడ్చాలంటే దాదాపు 3,650 న్యూటన్ మీటర్ల టార్క్‌తో ఇంజన్‌ను ఆపాలి. ఇలాంటి కారులో క్లచ్ మోయగలిగేది 350 ఉంటుందేమో. పదింతలు పైగా తేడా. ఒకవేళ మోసినా కారులో కూర్చున్నవాళ్లకు అది గేరు మార్పులా ఉండదు, వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ఉంటుంది.

మరి ఎంత త్వరగా సాధ్యం? ఆ క్షణంలో ఇంధనం ఆపేసి, ఇంజన్ సొంత రాపిడి ఒక 40 న్యూటన్ మీటర్లు సాయపడుతుందనుకుని, క్లచ్ తన 350 మొత్తం వాడిందనుకుంటే సుమారు 75 మిల్లీసెకన్లు పడుతుంది. ఇది కటువైన మార్పు. మామూలుగా నడిపేటప్పుడు ఎవరూ ఇలా చేయనివ్వరు. అదే 200 మిల్లీసెకన్లు తీసుకుంటే 146 న్యూటన్ మీటర్లు చాలు, ఎవరి తలా ఊగదు. దీనికి ముందు బలాన్ని ఒక క్లచ్ నుంచి ఇంకోదానికి మార్చే దశ ఒకటి ఉంటుంది, దాన్నీ కలపాలి. కాబట్టి ఆ 8 ఏ చిన్న భాగాన్ని కొలిచినదైనా కావచ్చు, ఇంజన్ చుట్లు చూపే మీటరు ముల్లు ఒక చోట నుంచి ఇంకో చోటికి చేరే సమయం మాత్రం కాదు. కావాలంటే పూర్తి వేగంతో గేరు మారేటప్పుడు ఫోనుతో టాకోమీటర్‌ను వీడియో తీసి ఒక్కో ఫ్రేము చూడండి. ముల్లు మీద పూర్తి నమ్మకం పెట్టుకోనక్కర్లేదు, అదీ కొంచెం ఆలస్యంగానే కదులుతుంది. అయినా ముల్లు దిగడం చాలా ఫ్రేముల మీద పరచుకుని కనబడుతుంది.

‘అలాగైతే మాన్యువల్‌కూ దీనికీ అంత తేడా ఏముంది’ అని అడగవచ్చు. తేడా ఈ 200 మిల్లీసెకన్లలో చక్రాలకు ఏమి అందుతోందన్నదాంట్లో ఉంది. మాన్యువల్‌లో అర సెకను పాటు సున్నా. డ్యూయల్ క్లచ్‌లో బేసి క్లచ్ జారుతూనే మూడో గేరు ద్వారా బలాన్ని పంపుతూ ఉంటుంది. ఇంకో విశేషం, ఇంజన్ వేగం దిగేటప్పుడు దానిలో నిలవ ఉన్న శక్తి కూడా అదే దారిన చక్రాలవైపు పోతుంది. మన లెక్క ప్రకారం అది 15 కిలోజౌళ్లకు పైమాటే. దాంట్లో కొంత క్లచ్‌లో వేడిగా పోయినా మిగిలింది కారును ముందుకు తోస్తుంది.

స్పోర్ట్ మోడ్‌లో గేరు మారిన ప్రతిసారీ వీపు మీద ఎవరో తట్టినట్టు ఒక తోపు వస్తుంది చూడండి, చాలామంది దాన్నే ‘ఎంత వేగంగా మారిందో’ అని చెబుతారు. నిజానికి అది ఫ్లైవీల్‌లోంచి వచ్చిన శక్తి. ఇంజన్ టార్క్‌ను సరిగ్గా ఆ మేరకు తగ్గిస్తే తోపు కనబడకుండా చేయవచ్చు, మామూలు మోడ్‌లో చేసేది అదే. సైలెన్సర్ నుంచి వినిపించే ఆ చిన్న ‘బుప్’ శబ్దం కూడా స్పార్క్‌ను ఆలస్యం చేసి టార్క్ తగ్గించినప్పుడు వచ్చేదే. అంటే వేగంగా అనిపించడమన్నది కొంతవరకు సాఫ్ట్‌వేర్ రాసినవారి ఇష్టం.

చేతులు మార్చుకునే క్షణం

రెండు క్లచ్‌ల మధ్య బలం చేతులు మారే దశను నిండు బిందె అందించుకోవడంతో పోల్చవచ్చు. ఇచ్చేవారు తొందరపడి వదిలితే జారుతుంది. ఇద్దరూ పట్టుకుని చెరో వైపు లాగితే తొణుకుతుంది.

సరి క్లచ్ ముందే వదిలేసి బేసి క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటే ఇంజన్‌ను పట్టి ఉంచేవాళ్లు లేక ఒక్కసారి ‘ఝుమ్’మని లేస్తుంది. ముల్లు దిగవలసిన చోట కొంచెం పైకి ఎగిరి అప్పుడు దిగుతుంది. అదే రెండూ ఒకేసారి గట్టిగా పట్టుకుంటే ఆ కాసేపు మామయ్య భయపడ్డ పరిస్థితి వస్తుంది. రెండు గేర్ల దారులు ఒకదానికొకటి అడ్డం తగిలి, కారుకు చిన్న బ్రేకు వేసినట్టు ఉంటుంది. క్లచ్‌లు జారగలవు కాబట్టి పళ్లు విరగవు, ఆ భారం క్లచ్ ముఖాల మీద పడుతుంది.

దీన్ని సరిగ్గా చేయాలంటే ప్రతి క్లచ్ ఏ స్థానంలో మొదటిసారి తాకుతుందో కంప్యూటర్‌కు తెలియాలి. మాన్యువల్‌లో ఎడమ పాదానికి తెలిసే ఆ చోటే ఇది. క్లచ్ అరిగేకొద్దీ, వేడెక్కేకొద్దీ అది జరుగుతూ ఉంటుంది. కంప్యూటర్ దాన్ని నడిపే క్రమంలోనే మళ్లీమళ్లీ నేర్చుకుంటుంది. క్లచ్‌లు మార్చిన తరవాత వర్క్‌షాపులో ఒక యంత్రం తగిలించి, కొంత దూరం నడిపి ఈ బిందువులను కొత్తగా నేర్పేది ఇందుకే. ఆ పని చేయకుండా కారు అప్పగిస్తే, కొత్త క్లచ్‌లు వేయించుకున్న మనిషి పాతవాటికంటే అధ్వానంగా ఉన్నాయని తిరిగి వస్తాడు. మొదటి గేరులో కదిలేటప్పుడు కారు వణకడం, రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు చిన్న కుదుపు, ఇవి రెండూ ఈ బిందువు తప్పిందనడానికి తొలి గుర్తులు. గాలితోనే చల్లబడే పొడి క్లచ్‌లలో ఈ వణుకు ఎక్కువ. నూనెలో మునిగి ఉండే తడి క్లచ్‌లకు వేడి తట్టుకునే శక్తి ఎక్కువ, కాబట్టి ఇబ్బంది తక్కువ. అయితే ఆ నూనెను తిప్పే పంపుకు కొంత శక్తి ఖర్చవుతుంది, నూనెను గడువుకు మార్చాలి కూడా.

ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. క్లచ్ పెడల్ లేదు కాబట్టి క్లచ్ లేదనుకునేవారు చాలామంది. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తో కారును నిలబెట్టి ఉంచుతారు. ఇంజన్ 1,200 చుట్లు తిరుగుతూ క్లచ్ 60 న్యూటన్ మీటర్లు జారుతూ మోస్తే ఏడున్నర కిలోవాట్ల వేడి పుడుతుంది, మొత్తం క్లచ్‌లోనే. మాన్యువల్‌లో ఇదే పని చేస్తే కాలుకూ ముక్కుకూ తెలిసిపోతుంది. ఇక్కడ పొడి క్లచ్ అయితే కొద్దిసేపటికి హెచ్చరిక దీపం చెప్పాలి.

అంచనా తప్పినప్పుడు

ఇంతవరకు చెప్పినదంతా కంప్యూటర్ సరైన గేరును ముందే పెట్టి ఉంచిందన్న నమ్మకం మీద నిలబడింది. పూర్తి వేగంతో దూసుకుపోయేటప్పుడు అంచనా తేలిక, రెండు తరవాత మూడే. గేరు మార్పు వేగం కొలిచి అంకెలు ప్రకటించేది సరిగ్గా ఈ పరిస్థితిలోనే. అందులో నాకు కొంత తెలివితేటలు కనబడతాయి.

ఇప్పుడు ఇంకో సందర్భం చూడండి. రెండు వరసల రోడ్డు, ముందు ఒక లారీ, నేను నాలుగో గేరులో దాని వెనక. రోడ్డు కొంచెం తెరిపి ఇచ్చేసరికి యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా పెడుతున్నాను. గేర్‌బాక్స్‌కు కనబడేది మెల్లగా పెరుగుతున్న వేగం, నెమ్మదైన కాలు. సహజంగా అది ఐదో గేరును సిద్ధం చేస్తుంది. అంతలో ఎదుటి వరస ఖాళీ అయింది, దాటేద్దామని కాలు నేలకు తొక్కాను. ఇప్పుడు నాకు కావలసింది మూడో గేరు. సిద్ధంగా ఉన్నది ఐదు. రెండూ బేసి షాఫ్టు మీదివే. కాబట్టి ముందు ఐదును వదిలించాలి, మూడును సింక్రోనైజ్ చేసి పెట్టాలి, ఆ తరవాతే క్లచ్‌లు మార్చాలి. మాన్యువల్‌లో ఉన్న ఆ క్యూ మళ్లీ మొత్తం తిరిగొచ్చింది. మొదటిసారి ఇది ఎదురైనప్పుడు నేను లారీ వెనక చక్రం పక్కకు చేరి, కారు ఏమీ చేయకపోవడం చూసి దాటడం మానుకున్నాను. మానుకుని వెనక్కు సర్దుకునేసరికి మూడో గేరు పడి ఇంజన్ గర్జించింది.

పైగా గేరు దించడం ఎక్కించడంలాంటిది కాదు. ఎక్కించేటప్పుడు ఇంజన్ వేగం దిగాలి, క్లచ్ దాన్ని పట్టి దించుతుంది, ఆ శక్తి కారుకే ఉపయోగపడుతుంది. దించేటప్పుడు ఇంజన్ వేగం పెరగాలి. దాన్ని పైకి తీసుకుపోవలసింది ఇంజన్ సొంత బలమే. మన ఊహా కారులో 4,140 నుంచి 6,000కు ఎక్కాలంటే 200 న్యూటన్ మీటర్లు మొత్తం తనకే వాడుకున్నా దాదాపు 150 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సమయంలో చక్రాలకు కూడా కొంత పంపాలంటే ఇంకా ఎక్కువ. రెండు క్లచ్‌లు కాదు కదా, ఇరవై క్లచ్‌లు ఉన్నా ఈ సమయం తగ్గదు.

ఇంతకంటే కష్టమైనది నాలుగు నుంచి రెండుకు దిగడం. రెండూ సరి షాఫ్టు మీదే ఉన్నాయి. నాలుగులో నడుస్తూ ఆ షాఫ్టు మీద రెండును ముందుగా పెట్టి ఉంచడం కుదరని పని. కాబట్టి గేర్‌బాక్స్ మూడు మీద కాసేపు నిలబడి, ఆ వ్యవధిలో సరి షాఫ్టును నాలుగు నుంచి రెండుకు మార్చి, మళ్లీ అందుకోవాలి. లేదా బలాన్ని కాసేపు ఆపేయాలి. మాన్యువల్ లివరుకు ఇలాంటి అభ్యంతరమేమీ లేదు. నాలుగు నుంచి న్యూట్రల్‌కు వచ్చి, పక్కకు జరిగి, మూడును తాకకుండానే చేయి రెండుకు వెళుతుంది.

మాన్యువల్ డ్రైవరుకు ఉన్న అసలు బలం కూడా ఇదే. అతనూ ముందుగానే గేరు ఎంచుకుంటాడు. కళ్లముందు లారీని, ఖాళీ అవుతున్న వరసను, మలుపును చూస్తున్నాడు కాబట్టి దాటడానికి మొదలుపెట్టకముందే మూడుకు దించుకుంటాడు. గేర్‌బాక్స్‌కు రోడ్డు కనబడదు. దానికి తెలిసేది మన పాదం, చక్రాల వేగం, బ్రేకు, అంతే. అందుకే స్టీరింగ్ వెనక ఉన్న ఆ చిన్న మీటలను నేను ఇప్పుడు అలంకారం అనుకోను. దాటాలనిపించినప్పుడు, కాలు తొక్కడానికి రెండు క్షణాల ముందు ఎడమ మీట ఒకసారి నొక్కుతాను. ఆలస్యం అప్పుడూ ఉంటుంది, లారీ వెనక భద్రంగా ఉన్నప్పుడే అయిపోతుంది.

రెండు క్లచ్‌లు తప్పనిసరా

ఇంతదాకా వచ్చాక నాకే ఒక అభ్యంతరం కనబడుతుంది. ఆటోమేటెడ్ మాన్యువల్ అని ఉన్నాయి కదా, మామూలు గేర్‌బాక్స్‌కే మనిషి చేయి, కాలు బదులు యంత్రం చేయి, కాలు తగిలించినవి. నా వాదనకు అవే మంచి సాక్ష్యం. వాటిలో కదిలించేది యంత్రమే, అయినా చవక కార్లలో తల ఊగడం తప్పదు. ఎందుకంటే బలం వెళ్లే దారి ఒకటే, దాన్ని తెంచకుండా గేరు మారదు. కానీ మరో కొసన ఫెరారీ 599 జీటీఓ ఉంది. ఒకే క్లచ్‌తో గేరు మార్పుకు 60 మిల్లీసెకన్లని ఆ కంపెనీ చెప్పింది. అంత వేగం సాధ్యమైనప్పుడు రెండు క్లచ్‌లు ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. అయినా అదే కంపెనీ 2008లో కాలిఫోర్నియా మోడల్‌తో డ్యూయల్ క్లచ్‌కు మారడం మొదలుపెట్టింది. ఒకే క్లచ్‌తో 60 మిల్లీసెకన్లు తెచ్చుకోవడమంటే కటువుదనాన్ని భరించడం. ట్రాక్ మీద అది సరదా, పాలు తేవడానికి వెళ్లేటప్పుడు కాదు. ఫార్ములా వన్‌లోనైతే ఒకే క్లచ్ ఉంచి, పాత గేరు వదలకముందే కొత్త గేరు పళ్లు పట్టుకునేలా ఏర్పాటు చేసుకున్నారు. కాబట్టి అసలు కీలకం క్లచ్‌ల సంఖ్య కాదనే అనుకుంటాను. పాత దారి తెగకముందే కొత్త దారి సిద్ధంగా ఉండాలి, దాన్ని ఎవరు ఎలా సాధిస్తారన్నది తరవాతి విషయం.

దీన్ని మరో పద్ధతిలో సాధించినవి ఇప్పటి టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లు. వాటి గ్రహచక్ర గేర్లలో పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి, ఏ క్లచ్ బిగిస్తే ఆ నిష్పత్తి వస్తుంది. అక్కడ కూడా ఒక క్లచ్ వదిలి ఇంకొకటి పట్టుకోవడమే గేరు మార్పు. కానీ ముందుగా ఒక గేరు పెట్టి ఉంచవలసిన పని లేదు, అంచనా తప్పిందన్న బాధ ఉండదు. పెద్ద గేరు నుంచి చాలా కింది గేరుకు నేరుగా దూకగలవు. బీఎండబ్ల్యూ తన ఎం5లో డ్యూయల్ క్లచ్ వాడి, 2017లో ప్రకటించిన తరవాతి తరానికి ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ పెట్టడం నాకు ఈ కోణంలోనే అర్థమవుతుంది. ఎక్కించడంలో రెండూ దాదాపు సమానమయ్యాక, మిగిలిన తేడా నిదానంగా పాకే ట్రాఫిక్‌లోనూ, అనుకోకుండా తొక్కిన యాక్సిలరేటర్ దగ్గరా తేలుతుంది. ఈ రెండు చోట్లా డ్యూయల్ క్లచ్ బలహీనమే.

అందువల్ల డ్యూయల్ క్లచ్ కారును పరీక్షకు నడపబోయేవారు ఎవరైనా అడిగితే, పూర్తి వేగంతో గేర్లు ఎక్కించి చూడవద్దంటాను. ఆ పరీక్షలో అన్నీ పాసవుతాయి. నాలుగో గేరులో కాసేపు ఒకే వేగంతో వెళ్లండి. కొంచెం కొంచెంగా వేగం పెంచండి, అది ఐదును సిద్ధం చేసుకునేంత సమయం ఇవ్వండి. అప్పుడు హఠాత్తుగా కాలు నేలకు తొక్కి, కారు నిజంగా ముందుకు తోసేదాకా ఎంతసేపు పట్టిందో చూడండి. తరవాత మళ్లీ అదే వేగంలో, ఈసారి ముందుగా మీట నొక్కి మూడుకు దించి తొక్కండి. రెండిటి మధ్య తేడా ఎంత తక్కువగా ఉంటే ఆ గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ అంత బాగా రాశారని అర్థం. ఆ తేడాను ప్రకటనల్లో అచ్చువేసిన కంపెనీ ఇంతవరకు నాకు తగలలేదు.